వీలునామా లేదు, వారసులు లేరంటున్నారు: కాజీపేట పెద్దాయన ఇల్లు ఎవరికి చెందుతుంది?

దర్జీ_కాజీపేట

అందరికీ నమస్కారం. మా పక్కింటి పెద్దాయన గత కార్తీక మాసంలో కాలం చేశారు. ఆయన కాజీపేట లోకోషెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. తల్లిదండ్రులు ఏనాడో పోయారు. ఒక్కగానొక్క తమ్ముడు కూడా సంతానం లేకుండానే ఆయన కంటే ముందే చనిపోయాడు. చివరి కొన్నేళ్లు అన్నం, మందులు, ఆసుపత్రి అన్నీ మా ఇంటి నుంచే జరిగాయి. దహనం, దశదిన కర్మ కూడా మేమే జరిపించాము.

ఆయనకు 160 గజాల స్థలంలో రెండు గదుల ఇల్లు ఉంది. 1988లో తన జీతం డబ్బుతో కొని రిజిస్ట్రేషన్ చేయించుకున్నది. బ్యాంకులో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, దానికి నామినీగా నా భార్య పేరు రాయించారు. ఇంటి తాళం చెవులు ప్రస్తుతం మా వద్దనే ఉన్నాయి. మూడు విషయాలు తెలియజేయగలరని మనవి. వారసులు లేకపోతే ఇల్లు సర్కారుకే పోతుందా? సేవ చేసిన మాకు ఏమైనా హక్కు ఉంటుందా? ఈ మధ్య ఒకాయన తాను పెద్దాయనకు మనుమడి వరస అవుతానంటూ నోటరీ చేయించిన వీలునామా నకలు చూపించి తాళం అడుగుతున్నారు, ఆయనకు ఏమని జవాబు చెప్పాలి?

సింగరేణి_మంచిర్యాల

ఇందులో పెద్దగా ఆలోచించవలసింది లేదు. వారసుడు లేని ఆస్తి ప్రభుత్వానికి చెందుతుందని రాజ్యాంగంలోనే ఉంది, 296వ అధికరణం చూడండి. బ్యాంకు డబ్బు కూడా పదేళ్లు ఎవరూ అడగకపోతే రిజర్వు బ్యాంకు తీసుకుంటుంది. అయితే ఒక మార్గం ఉంది. మీరు ఆ ఇంట్లోనే పన్నెండేళ్లు ఉండి, ఇంటి పన్ను, కరెంటు బిల్లు మీ పేరున కట్టుకుంటూ వస్తే ఇల్లు మీదే అవుతుంది. మా బస్తీలో ఇలాగే ఒకరికి వచ్చింది. కాబట్టి తాళం ఎవరికీ ఇవ్వకండి, ఎవరికీ చెప్పకండి.

మాజీ_డిప్యూటీ_తహసీల్దార్

రెవెన్యూ శాఖలో ఉన్నప్పుడు ఇటువంటి దస్త్రాలు కొన్ని నా చేతి మీదుగా వెళ్లాయి కాబట్టి రాస్తున్నాను. పై మిత్రుడు చెప్పినదానిలో రాజ్యాంగం మాట నిజమే. కానీ ఎవరికీ చెప్పకుండా ఇంట్లో ఉండిపొమ్మన్న సలహాను మాత్రం దయచేసి పాటించవద్దు. పెద్దాయన మీద గౌరవంతో మీ దగ్గర ఉంచుకున్న తాళం రేపు కబ్జా ఆరోపణగా మారుతుంది.

వారసులు లేని ఆస్తి ప్రభుత్వపరం కావడాన్ని ఎస్చీట్ అంటారు. మన రాష్ట్రంలో దాని కోసం 1974 నాటి ఎస్చీట్ చట్టం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ఆ చట్టాన్నే తెలంగాణ కూడా కొనసాగించుకుంటున్నది. ఆచరణలో జరిగేది ఇది. వారసులు లేకుండా ఒకరు చనిపోయారన్న సమాచారం తహసీల్దారుకు చేరితే, సిబ్బంది వెళ్లి ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు వారి సమక్షంలో పంచనామా రాస్తారు. బీరువాలో ఏమున్నది, దస్తావేజులు ఎక్కడున్నవి, చరాస్తి ఏమిటి అన్నది అందులోకి ఎక్కుతుంది. ఆ తరువాత హక్కుదారులు ఎవరైనా ఉంటే ముందుకు రావలసిందిగా ప్రకటన ఇస్తారు, వచ్చిన క్లెయిములను విచారిస్తారు. ఎవరూ రాకపోతేనో, వచ్చినవారి హక్కు నిలవకపోతేనో ప్రభుత్వపరం అన్న మాట వస్తుంది.

నా అనుభవంలో ఈ దారిలో చివరిదాకా వెళ్లిన ఇళ్లు చాలా తక్కువ. ప్రకటన పత్రికలో పడగానే ఎక్కడెక్కడి బంధువులో బయలుదేరి వస్తారు. వారిలో కొందరు నిజమైనవారే, కొందరు కాదు. మీరు చేయవలసింది పెద్దాయన మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి, ఇల్లు తాళం వేసి ఉన్నదని, తాళం మీ వద్ద ఉన్నదని, వీలునామా అంటూ ఒకరు వచ్చారని తహసీల్దారుకు ఒక అర్జీ రాసి, అందినట్టు ముద్ర వేయించుకోవడం. ఆ ముద్ర పడిన కాగితమే రేపు మీకు రక్షణ.

న్యాయవాది_హన్మకొండ

మాజీ డిప్యూటీ తహసీల్దారు గారు దారి సరిగ్గా చూపించారు. నేను దానికి ముందున్న ప్రశ్న దగ్గర ఆగుతాను. పెద్దాయనకు వారసులు లేరని ఎవరు తేల్చారు?

మన వాళ్లు వారసులు లేరు అనేటప్పుడు భార్య, పిల్లలు, అన్నదమ్ములు లేరని అనుకుంటారు. చట్టం ఆలోచన అంత చిన్నది కాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా చనిపోయిన పురుషునికి మొదట భార్య, పిల్లలు, తల్లి మొదలైన మొదటి తరగతి వారు వారసులు. వారెవరూ లేకపోతే రెండో తరగతిలోకి వెళ్లాలి. అందులో తండ్రి, తోబుట్టువులు, వారి పిల్లలు, తాత, నాయనమ్మ, బాబాయి, మేనత్త, మేనమామ, పినతల్లి ఇలా వరుసగా తొమ్మిది మెట్లున్నాయి, పై మెట్టులో ఒక్కరున్నా కింది మెట్టు వారికి ఏమీ రాదు. ఆ తరగతి కూడా ఖాళీ అయితే పాలివారు, అంటే మగవారి వరుస గుండానే కలిసే జ్ఞాతులు ఎంత దూరమైనా సరే వస్తారు. వారూ లేకపోతే ఆడవారి గుండా కలిసే బంధువులు వస్తారు. ఈ చివరి రెండు గుంపులకు చట్టం ఇన్ని తరాల వరకే అని గీత గీయలేదు. వంశవృక్షం కాగితం మీద ఎంత పైకి వెళ్లగలిగితే అంత పైకి వెళ్లి, అక్కడి నుంచి కిందికి దిగవచ్చు. ఇవన్నీ దాటిన తరువాతనే 29వ సెక్షను కింద ప్రభుత్వం వంతు.

అందుకే కోర్టులు వారసులు లేరన్న మాటను తేలికగా నమ్మవు. 2017లో హరిద్వార్‌లోని ఒక ఆశ్రమం ట్రస్టు ఆస్తి విషయంలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. వారసుడు ఎవరూ లేరని వాదించేవారి మీదనే, అది ప్రభుత్వమైనా సరే, ఆ విషయాన్ని రుజువు చేసే భారం గట్టిగా ఉంటుందని, హక్కుల వివాదం ఉన్నచోట కలెక్టరు తనంతట తానే తీర్పరి కాజాలరని ఆ తీర్పు సారాంశం.

కాబట్టి దర్జీ గారికి రెండు ప్రశ్నలు. పెద్దాయన తమ్ముడికి పెళ్లయిందా? ఆమె ఉన్నారా? ఇంకా, పెద్దాయన తండ్రి వైపు, తల్లి వైపు మీకు తెలిసిన మనుషులు ఎవరైనా ఉన్నారా?

పరకాల_రైతు

నాదీ ఇదే సమస్య, అందుకే రాస్తున్నాను. మా పెదనాయనకు పిల్లలు లేరు, పెద్దమ్మ కూడా పోయింది. మా నాయన కూడా లేరు. పెదనాయన పేరు మీద పరకాల దగ్గర ఒక ఎకరం పన్నెండు గుంటల భూమి ఉంది. విరాసత్ చేయమని అడిగితే ఆయనకు సంతానం లేదు గదా, భూమి సర్కారుకు పోతుందని కార్యాలయం దగ్గర ఉండే ఒక మధ్యవర్తి భయపెడుతున్నాడు. నా భూమిని ఎస్చీట్ నుంచి ఎలా కాపాడుకోవాలి?

మాజీ_డిప్యూటీ_తహసీల్దార్

పరకాల మిత్రమా, మీది ఎస్చీట్ సంగతి కాదు. అన్న కొడుకైనా తమ్ముని కొడుకైనా రెండో తరగతిలో పేరుతో సహా ఉన్న వారసుడే. పెదనాయనకు వేరే తోబుట్టువులు బతికి ఉంటే వారు మీకంటే ముందు వస్తారు, లేకపోతే మీరు, మీతో సమానమైన మిగతా అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు కలిసి పంచుకోవాలి. భూభారతిలో వారసత్వం కింద దరఖాస్తు పెట్టి, అందరి పేర్లూ దాచకుండా రాయండి. ఆ మధ్యవర్తికి కావలసింది ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు.

దర్జీ_కాజీపేట

న్యాయవాది గారూ, మీరు అడిగిన తరువాత ఇంట్లో కూర్చొని గుర్తుచేసుకుంటే కొన్ని సంగతులు బయటపడ్డాయి. తమ్ముడికి పెళ్లయింది. ఆయన పోయిన తరువాత ఆమె సుల్తానాబాదు వైపు పుట్టింటికి వెళ్లిపోయింది. తరువాత మళ్లీ పెళ్లి చేసుకున్నదని కొందరంటారు, లేదని కొందరంటారు. పెద్దాయన ఆమెను గురించి ఎన్నడూ మాట్లాడలేదు.

తండ్రి వైపు జనగామలో ఒకాయన ఉన్నారు. పెద్దాయన తండ్రికి తోడబుట్టిన అన్న మనుమడు, ఆ అన్న కొడుకు కొడుకు. బాబాయి, మేనత్త, మేనమామ, పినతల్లి వరస వారు ఎవరూ బతికి లేరు. ఆయన ఏనాడూ ఈ గడప తొక్కలేదు, అంత్యక్రియలకు కూడా రాలేదు. తల్లి వైపు కరీంనగర్‌లో పినతల్లి కూతురు ఉన్నది, పెద్దాయన ఆమెను చెల్లె అని పిలిచేవారు. బతుకమ్మకు, సంక్రాంతికి ఏదో ఒకటి వండుకొని వచ్చేది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా వచ్చి నాలుగు రోజులు ఉన్నది. మీరు చెప్పినదాన్నిబట్టి ఆస్తి ఆమెకు రావాలని మా ఇద్దరి అభిప్రాయం.

న్యాయవాది_హన్మకొండ

ఇప్పుడు లెక్క స్పష్టంగా వేయవచ్చు, అది మీకు నచ్చకపోవచ్చు.

మొదటి తరగతిలో ఎవరూ లేరు. రెండో తరగతిలో తండ్రి లేరు, తమ్ముడు లేడు, తమ్ముని పిల్లలు లేరు, తాత నాయనమ్మలు లేరు. ఆరో మెట్టు దగ్గరకు వస్తే అక్కడ సోదరుని వితంతువు పేరు ఉంది. అంటే సుల్తానాబాదు ఆమె బతికి ఉంటే, మరొక పెళ్లి చేసుకోకుండా ఉంటే, ఇల్లు మొత్తం ఆమెదే. జనగామ ఆయనకు గాని, కరీంనగర్ ఆమెకు గాని, ప్రభుత్వానికి గాని ఒక గజం కూడా రాదు. మన దగ్గర చాలామంది ఈ మెట్టును మరిచిపోతారు, ఎందుకంటే తమ్ముని భార్య పుట్టింటికి వెళ్లిపోతే ఆమెకూ ఈ ఇంటికీ సంబంధం తెగిపోయిందని మన సమాజం అనుకుంటుంది.

ఆమె లేకపోతే రెండో తరగతి మిగతా మెట్లలో బాబాయి, మేనత్త, మేనమామ, పినతల్లి బతికి ఉండాలి, వారి పిల్లలు ఆ తరగతిలో లేరు. మీరు చెప్పిన ప్రకారం ఎవరూ లేరు కాబట్టి జ్ఞాతుల దగ్గరకు రావాలి. జనగామ ఆయన పెద్దాయనకు పూర్తిగా మగవారి గుండా కలుస్తారు, కాబట్టి పాలివాడు. కరీంనగర్ చెల్లె తల్లి గుండా కలుస్తుంది. పాలివాడు ఒక్కడున్నా, అతడు ఎన్ని తరాల దూరమైనా, తల్లి వైపు బంధువులకు వాటా లేదు. కాబట్టి గడప తొక్కని జనగామ ఆయనకు అంతా, పండుగ పండుగకూ వచ్చిన కరీంనగర్ చెల్లెకు ఏమీ లేదు. వ్యక్తిగతంగా ఇది నాకూ రుచించదు. చట్టం రక్తసంబంధపు దారిని చూస్తుంది గాని రాకపోకలను చూడదు.

ఆ రెండో పెళ్లి సంగతి మాత్రం తేలాలి. 1956 చట్టంలో 24వ సెక్షను అని ఒకటి ఉండేది. వారసత్వం తెరుచుకునే నాటికి మళ్లీ పెళ్లి చేసుకున్న సోదరుని వితంతువుకు హక్కు ఉండదని అది చెప్పేది. 2005 సవరణలో ఆ సెక్షను తీసివేశారు. పెద్దాయన మరణం ఆ తరువాతే కాబట్టి ఆ అడ్డంకి ఇక లేదన్నది ఒక వాదన. సెక్షను పోయినా, మరొకరి భార్య అయిన స్త్రీ ఇంకా ఈయన తమ్ముని వితంతువు ఎలా అవుతుంది, ఆ మాటకే సరిపోదు గదా అన్నది ఎదుటి వాదన. ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నదని తేలితే ఈ విషయం మీద రెండు వైపులా నిలబడి వాదించే వకీళ్లు హన్మకొండ కోర్టులోనే దొరుకుతారు.

సింగరేణి_మంచిర్యాల

మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీకి పాత మెట్టినింటి బావగారి ఆస్తి వస్తుందంటే నేను ఒప్పుకోను, ఇది ఏ లోకన్యాయమూ కాదు. పన్నెండేళ్ల విషయం కూడా ఎవరూ ఖండించలేదు. అది లిమిటేషన్ చట్టంలో ఉన్నదే.

న్యాయవాది_హన్మకొండ

ఖండించలేదంటే ఒప్పుకున్నట్టు కాదు, వరుసలో ముందుది ముందు రాస్తున్నాను. లిమిటేషన్ చట్టంలో ప్రైవేటు వ్యక్తి మీద పన్నెండేళ్లు ఉన్నమాట నిజమే. అయితే ఆ పన్నెండేళ్లూ నీ ఆస్తి నాది అని యజమానికి తెలిసేటట్టు బహిరంగంగా, అతని హక్కును కాదంటూ ఉండాలి. దర్జీ గారి దగ్గర ఉన్నది పెద్దాయన నమ్మకంతో ఇచ్చిన తాళం. అనుమతితో ఉన్నవారు ఎన్నేళ్లున్నా అది ప్రతికూల స్వాధీనం కాదు. ఇల్లు నిజంగా ప్రభుత్వపరమైతే గడువు పన్నెండు కాదు, ముప్పై ఏళ్లు. మీ బస్తీలో వచ్చినాయనకు ఏ పరిస్థితిలో వచ్చిందో నాకు తెలియదు, కానీ ఇక్కడ ఆ దారి లేదు.

బ్యాంకు పదేళ్ల మాట కూడా సగమే నిజం. పదేళ్లు కదలని డిపాజిట్లు 2014 నుంచి రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి వెళ్తాయి. కానీ హక్కుదారు ఎప్పుడు వచ్చినా అదే బ్యాంకు ద్వారా డబ్బు తిరిగి ఇస్తుంది. అది ఎస్చీట్ కాదు, దాచి ఉంచడం మాత్రమే. పాత ఖాతాలు వెతుక్కోవడానికి రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్ కూడా పెట్టింది.

విశ్రాంత_ఉపాధ్యాయిని

చర్చను చాలా శ్రద్ధగా చదువుతున్నాను. నాకూ పిల్లలు లేరు, మా వారు పోయి చాలా కాలమైంది. నర్సంపేటలో నా జీతంతో కట్టుకున్న ఇల్లు ఉంది, మా నాన్నగారి నుంచి వచ్చిన కొద్ది పొలం ఉంది. నాకు ఒక చెల్లెలు ఉంది, ఆమెనే నన్ను చూసుకుంటుంది. మా వారి అన్న కొడుకులు ఎక్కడున్నారో కూడా నాకు సరిగా తెలియదు. వీలునామా రాయకుండా నేను పోతే నా ఇల్లు చెల్లెలికే గదా రావలసింది?

న్యాయవాది_హన్మకొండ

లేదండీ. స్త్రీ ఆస్తికి లెక్క వేరు. పిల్లలు, భర్త లేకపోతే తరువాతి వంతు భర్త వారసులది, ఆ తరువాతనే మీ తల్లిదండ్రులు, ఆ తరువాత మీ తండ్రి వారసులు అంటే మీ చెల్లెలు. కాబట్టి జీతంతో కట్టిన ఇల్లు మీకు ఎక్కడున్నారో తెలియని మీ వారి అన్న కొడుకులకు వెళ్తుంది. అత్తింటివారు వెళ్లగొట్టగా పుట్టింట్లో చదువుకొని ఉద్యోగం చేసి సంపాదించిన ఒక వితంతువు ఆస్తి విషయంలో 2009లో సుప్రీంకోర్టు కూడా ఇదే నిర్ణయించింది, ఆ సంపాదన భర్త వైపు వారికే పోయింది. మీ నాన్నగారి నుంచి వారసత్వంగా వచ్చిన పొలం మాత్రం పిల్లలు లేరు కాబట్టి తిరిగి మీ తండ్రి వారసులకు, అంటే చెల్లెలికి వస్తుంది. ఆయన బతికి ఉండగా కానుకగా రాసి ఇచ్చి ఉంటే మాత్రం అది వారసత్వం కాదు, లెక్క మారుతుంది, కాబట్టి ఆ కాగితం ఒకసారి చూడండి.

మీ ఇష్టం చెల్లెలికే ఇవ్వాలని అయితే ఇంటికి వీలునామా రాయండి. తెల్లకాగితం చాలు, స్టాంపు అవసరం లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని చేయించడమే మేలు. మీరు సంతకం చేయాలి, ఇద్దరు సాక్షులు మీరు చేసినది చూసి సంతకాలు చేయాలి. ఆ సాక్షుల్లో చెల్లెలు ఉండకుండా చూసుకోండి.

విశ్రాంత_ఉపాధ్యాయిని

పొలం దానపత్రం ద్వారా వచ్చిందో, నాన్నగారి తరువాత విరాసత్ ద్వారా వచ్చిందో నాకు గుర్తు లేదు. పాసుపుస్తకం వెతికి చూస్తాను.

దర్జీ_కాజీపేట

వీలునామా తెచ్చినాయన నిన్న మళ్లీ వచ్చారు, ఈసారి ఇద్దరు మనుషులను వెంటబెట్టుకొని. నకలు నా ఫోనులో ఫొటో తీసుకోనిచ్చారు. ఇరవై రూపాయల స్టాంపు పేపరు మీద రాసి ఉంది, నోటరీ ముద్ర ఉంది. కింద పెద్దాయన సంతకం లేదు, ఎడమ బొటనవేలి ముద్ర ఉంది. సాక్షులు ఇద్దరి పేర్లున్నాయి గాని వారెవరో మాకు తెలియదు. తేదీ చూస్తే ఆయన చనిపోవడానికి కొద్ది వారాల ముందుది. ఆ రోజుల్లో ఆయన ఆసుపత్రిలోనే ఉన్నారని నాకు గుర్తు.

మాజీ_డిప్యూటీ_తహసీల్దార్

ఇక్కడ నాలుగు చోట్ల వేలు పెట్టి చూడవచ్చు.

స్టాంపు పేపరు వెనుక అమ్మిన వెండరు లైసెన్సు సంఖ్య, వరుస సంఖ్య, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు రాసి ఉంటుంది. వెండరు రిజిస్టరులో కూడా అదే వరుస సంఖ్య ఉండాలి. వీలునామా తేదీ కంటే పేపరు అమ్మిన తేదీ తరువాతదైతే ఇక మాట్లాడవలసింది లేదు. నోటరీ దగ్గర కూడా రిజిస్టరు ఉంటుంది, అందులో ఆ తేదీన ఆ వీలునామా ఎక్కిందా అన్నది చూడాలి.

వేలిముద్ర అన్నిటికంటే పెద్ద సంకేతం. పెద్దాయన రైల్వే ఉద్యోగి, పెన్షను ఖాతాలో, పెన్షను బ్యాంకుకు ఇచ్చిన లైఫ్ సర్టిఫికెట్లలో, 1988 దస్తావేజులో ఆయన సంతకం ఉంటుంది. సంతకం చేయగలిగిన మనిషి ఎందుకు వేలిముద్ర వేశాడు అన్న ప్రశ్నకు వీలునామా తెచ్చినాయనే జవాబు చెప్పుకోవాలి. చేయి వణికి సంతకం చేయలేని స్థితి నిజంగానే ఉండి ఉండవచ్చు, కానీ ఆ స్థితిలో వీలునామాలోని మాటలు చదివి వినిపించారా, ఆయనకు అర్థమయ్యాయా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఆసుపత్రి కేస్ షీట్ నకలు తీసిపెట్టుకోండి.

దీనితోపాటు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పెద్దాయన పేరున వేరే వీలునామా రిజిస్టరయి ఉందేమో వెతికించండి. వీలునామాలు మూడో నంబరు పుస్తకంలో ఎక్కుతాయి. రాసినవారు బతికి ఉండగా ఇతరులకు నకలివ్వరు, మరణించిన తరువాత మరణ ధ్రువీకరణ చూపిస్తే దరఖాస్తు చేసినవారికి ఇస్తారు. నిజమైన వీలునామా ఒకటి ఉండి ఉంటే ఈ చర్చ మొత్తం మారిపోతుంది.

వీలునామా ఉన్నదంటే ప్రభుత్వం ఎంతకాలం వేచి ఉండవలసి వస్తుందో చెప్పడానికి రాజస్థాన్‌లోని ఖేత్రీ సంస్థానం ఉదాహరణ చాలు. అక్కడి రాజా సర్దార్ సింగ్ 1987లో చనిపోయారు. వారసులు లేరని రాష్ట్ర ప్రభుత్వం కోటలు, భవనాలు స్వాధీనం చేసుకున్నది. ట్రస్టు పేరున వీలునామా ఉన్నదని ట్రస్టు కోర్టుకెక్కింది. 2023లో గాని ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి ఆ వీలునామా చెల్లుతుందని తీర్పు ఇవ్వలేదు. మధ్యలో ఆ భవనాలు పాడుబడ్డాయి.

సింగరేణి_మంచిర్యాల

మీరందరూ ఇంత చెబుతున్నారు గాని, చూసుకున్న మనుషులకు చివరికి ఏమి మిగిలింది? ఆ జనగామ ఆయన వచ్చి ఇల్లు అమ్ముకొని పోతాడు, దర్జీ గారు చూస్తూ నిలబడాలి. నేను చెప్పిన దారి చట్టం కాకపోవచ్చు గాని, న్యాయంగా మాత్రం ఇల్లు ఆయనదే.

న్యాయవాది_హన్మకొండ

ఆ బాధతో నాకు విభేదం లేదు. కానీ దర్జీ గారు పూర్తిగా ఖాళీ చేతులతో ఉండనక్కరలేదు.

దహన సంస్కారాల ఖర్చు, చివరి రోజుల వైద్య ఖర్చు చనిపోయినవారి ఆస్తి మీద మొదట తీర్చవలసిన బాకీల్లోకి వస్తాయి. వారసుడు ఎవరైనా సరే ఆస్తితోపాటు ఆ బాధ్యతనూ తీసుకుంటాడు. ఒకవేళ ఇల్లు నిజంగా ప్రభుత్వానికే పోయినా, వారసుడికి ఉండే బాధ్యతలన్నీ ప్రభుత్వానికీ ఉంటాయని 29వ సెక్షనులోనే ఉంది. ఆసుపత్రి బిల్లులు, మందుల చీటీలు, కట్టెలకు, పురోహితునికి ఇచ్చిన డబ్బు, బిల్లు లేనివాటికి కనీసం తేదీ, మొత్తం రాసిన పుస్తకం, వీటన్నిటినీ ఒక చోట పెట్టి, తహసీల్దారుకు ఇచ్చే అర్జీలోనే మీ క్లెయిమును కూడా రాయండి. ఆయన బతికి ఉన్న ఏళ్లలో పెట్టిన అన్నానికి మాత్రం ఏదైనా ఒప్పందం లేకపోతే డబ్బు అడగడం కష్టం, కోర్టులు దాన్ని అభిమానంతో చేసినదిగానే చూస్తాయి.

ఫిక్స్‌డ్ డిపాజిట్ సంగతి. మీ భార్య నామినీ కాబట్టి బ్యాంకు డబ్బు ఆమెకు ఇస్తుంది, అక్కడితో బ్యాంకు బాధ్యత తీరుతుంది. అయితే నామినీ ఆ డబ్బుకు యజమాని కాదు, వారసుల తరఫున పట్టుకొని ఉండే మనిషి అని సుప్రీంకోర్టు 2010లో బ్యాంకు డిపాజిట్ల విషయంలోనే చెప్పింది. సుల్తానాబాదు ఆమె గాని, జనగామ ఆయన గాని రేపు అడిగితే ఆ డబ్బు లెక్క చెప్పవలసి వస్తుంది. డబ్బు తీసుకుంటే వేరే ఖాతాలో అలాగే ఉంచండి, అందులోంచి ఖర్చుల కింద ఎంత మినహాయించుకోవచ్చో వారసులు తేలిన తరువాత మాట్లాడుకోవచ్చు.

వీలునామా తెచ్చినాయనకు జవాబు ఒక్కటే: అసలు కాగితంతో సివిల్ కోర్టుకు వెళ్లమనండి, లేదా తహసీల్దారు దగ్గర క్లెయిము వేయమనండి. తాళం మాత్రం ఆయన చేతికి ఇవ్వవద్దు.

దర్జీ_కాజీపేట

అర్జీ ఈ వారమే ఇస్తాను. నా భార్యకు తెలిసిన ఒకామె సుల్తానాబాదు దగ్గరి పల్లెలో ఉన్నది, ఆమె ద్వారా తమ్ముని భార్య ఆచూకీ అడిగించాము. ఆమె బతికే ఉన్నదని కబురు వచ్చింది. పెళ్లి సంగతి ఇంకా తెలియలేదు. ఆమెకు ఈ విషయం మేమే చెప్పాలా, లేక తహసీల్దారు కార్యాలయం నుంచి నోటీసు వెళ్లేదాకా ఆగాలా?

మాజీ_డిప్యూటీ_తహసీల్దార్

మీరే చెప్పండి. నోటీసు అంటించేది పెద్దాయన ఇంటి మీద, ప్రకటన వేసేది పత్రికలో. సుల్తానాబాదు పల్లెలో ఆమె ఏ పత్రిక చదువుతుందో ఎవరికి తెలుసు. అర్జీలో ఆమె పేరు, ఊరు కూడా రాయండి, అప్పుడు కార్యాలయం ఆమెకు విడిగా నోటీసు పంపవలసి వస్తుంది. కరీంనగర్ చెల్లె పేరు కూడా రాయండి. వాటా రాకపోయినా, వంశవృక్షం గురించి ప్రమాణ పూర్వకంగా చెప్పగలిగినవారు మీకు తెలిసినంతలో ఆమె ఒక్కరే కనిపిస్తున్నారు.